పిల్లల కళ్లజోడు పవర్ ఏటా ఎందుకు పెరుగుతుంది? ఎండ ఎంత ఆపుతుంది, అట్రోపిన్ చుక్కలు ఎంత ఆపుతాయి?

రెండో తరగతిలో మైనస్ ఒకటితో మొదలైన పవర్ ఐదో తరగతికి వచ్చేసరికి మూడు దాటుతుంది. ఏటా అద్దాలు మార్చడమేనా, ఆపే మార్గం ఏమైనా ఉందా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. ఒకటి, పిల్లల్ని రోజూ బయట ఆడించమని. రెండోది, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు వేయమని. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒక డాక్టరు 0.01 శాతం చుక్కలు రాస్తే ఇంకొకరు 0.05 శాతం రాస్తారు. ఒక అధ్యయనం చుక్కలు పనిచేశాయంటుంది, మరొకటి ఏ తేడా లేదంటుంది. ‘మావాడు రోజూ బయటే ఆడతాడు, అయినా పవర్ పెరిగింది’ అనే తల్లి మాటా నిజమే.

ఈ మాటల్లో చాలావరకు ఒకదానికొకటి విరుద్ధం కావు. ఏ దశలో ఉన్న పిల్లల గురించి మాట్లాడుతున్నాం, దేన్ని కొలిచి చెబుతున్నాం అన్న రెండు ప్రశ్నలు ముందు వేసుకుంటే ముడి చాలావరకు విడిపోతుంది.

## పవర్ పెరగడమంటే కన్ను పొడవు పెరగడం

పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్ల పొడవుంటుంది. పెద్దయ్యేసరికి అది 23.5 నుంచి 24 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే అయిపోతుంది. పసిపిల్లల కన్ను పొట్టిగా ఉంటుంది కాబట్టి వాళ్లలో చాలామందికి ప్లస్ పవర్ ఉంటుంది. కన్ను పొడవవుతున్న కొద్దీ లోపలి లెన్సు పలచబడుతూ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. దాంతో ఆ ప్లస్ నెమ్మదిగా కరుగుతుంది. ఆరేళ్లకు కొంత ప్లస్ మిగిలి ఉండటం మామూలే, మంచిదే కూడా. అది ఆ పిల్లవాడి చేతిలో ఉన్న నిల్వ.

కన్ను ఉండాల్సిన దానికంటే పొడవుగా సాగితే దూరపు వస్తువుల ప్రతిబింబం రెటీనా మీద కాక దాని ముందే పడుతుంది. బోర్డు మసకగా కనిపిస్తుంది, పుస్తకం స్పష్టంగానే ఉంటుంది. దీన్నే హ్రస్వదృష్టి లేదా మయోపియా అంటున్నాం. బడి వయసు పిల్లల్లో లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది: కన్ను ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే పవర్, దాన్ని కొలిచే డయాప్టర్లలో, రెండు నుంచి రెండున్నర పెరుగుతుంది.

సాగిన కన్ను మళ్లీ పొట్టిదవదు. అందుకే కంటి వ్యాయామాలతో అద్దాలు తీసేయవచ్చన్న ప్రచారానికి ఆధారం లేదు. పెద్దయ్యాక లేజర్ చేయించుకుంటే కంటి ముందుభాగం ఆకారం మారి అద్దాల అవసరం తప్పుతుందే గానీ కన్ను పొడవు అలాగే ఉంటుంది. అసలు భయం ఆ పొడవుతోనే. కన్ను సాగితే దాని లోపలి పొర రెటీనా కూడా పలచబడుతూ సాగుతుంది. నలభై, యాభై ఏళ్లు దాటాక చూపు మధ్యభాగం దెబ్బతినడం, రెటీనా ఊడిపోవడం, గ్లాకోమా వంటి ప్రమాదాలు పవర్‌తో పాటు పెరుగుతాయి. మైనస్ 6 దాటితే దాన్ని తీవ్ర మయోపియా అంటారు. అలాగని మైనస్ 5 దగ్గర ప్రమాదమే లేదని కాదు. ఆ అంకె దగ్గర గోడేమీ లేదు, ప్రమాదం మెట్టుమెట్టుగా పెరుగుతూ పోతుంది. పెద్ద సంఖ్యలో జరిగిన జనాభా అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ ప్రకారం, చివరికి చేరే పవర్‌ను ఒక్క డయాప్టర్ తగ్గించగలిగినా మయోపియా వల్ల రెటీనా మధ్యభాగం చెడే అవకాశం సుమారు 40 శాతం తగ్గుతుంది. ఇదంతా ఎందుకు అనిపించినప్పుడు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇదే.

పరిభాషలో ఇంకొక్క మాట తెలిస్తే చాలు. చుక్కలు వేసి కంటి లోపలి కండరాన్ని పూర్తిగా సడలించాక పరీక్షిస్తే మైనస్ 0.50 గానీ అంతకు మించి గానీ వస్తే అది మయోపియా. ఈ చుక్కలు వేయకుండా పరీక్షిస్తే పిల్లలు తెలియకుండానే కండరం బిగిస్తారు, లేని మైనస్ కనిపిస్తుంది. కాబట్టి ‘పోయినసారి ఒకటి, ఈసారి ఒకటిన్నర’ అన్నప్పుడు రెండుసార్లూ ఒకే పద్ధతిలో చూశారా అన్నది మొదటి ప్రశ్న.

## ఎంత చిన్న వయసులో మొదలైతే అంత దూరం వెళుతుంది

పన్నెండేళ్లకు మైనస్ 1 ఉన్న పిల్లవాడూ, ఏడేళ్లకు మైనస్ 1 ఉన్న పిల్లవాడూ ఒకటి కాదు. ఏడెనిమిదేళ్ల వయసులో పవర్ ఏడాదికి ముప్పావు నుంచి ఒక డయాప్టర్ దాకా పెరగడం సాధారణం. పన్నెండేళ్లకు ఆ వేగం సుమారు సగానికి పడిపోతుంది. అమెరికాలో పిల్లల్ని ఏళ్లతరబడి గమనించిన ఒక అధ్యయనంలో పదిహేనేళ్లకు దాదాపు సగం మందిలో పవర్ నిలకడకు వచ్చింది. పద్దెనిమిదేళ్లకు నాలుగింట మూడొంతుల మందిలో ఆగింది. అంటే ఏడేళ్లకు మొదలైన పిల్లకు ముందు ఎనిమిదేళ్ల పరుగు ఉంది, అందులోనూ తొలి సంవత్సరాలు అతి వేగమైనవి. తల్లిదండ్రులిద్దరికీ మయోపియా ఉంటే అవకాశం మరింత ఎక్కువ.

ఇంకో విశేషం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. కన్ను అన్నిటికంటే వేగంగా సాగేది కళ్లజోడు వచ్చాక కాదు, మయోపియా బయటపడటానికి ముందు సంవత్సరంలో. అప్పుడు పిల్లవాడికి బోర్డు బాగానే కనిపిస్తూ ఉంటుంది. లోపల ప్లస్ నిల్వ మాత్రం కరిగిపోతూ ఉంటుంది. అందుకే ఆరేళ్ల వయసులో చుక్కలు వేసి చూసినప్పుడు ప్లస్ 0.75 కంటే తక్కువ ఉన్న పిల్లల్ని అంచున ఉన్నవాళ్లుగా లెక్కిస్తారు. వాళ్లకు అద్దాలు అక్కర్లేదు. కానీ ఎండ ఎక్కువగా పనిచేసేది సరిగ్గా ఈ దశలోనే.

## బయటి వెలుతురు: మొదలవకుండా ఆపుతుంది, మొదలయ్యాక అంతగా ఆపదు

దీపాలు వెలుగుతున్న గదిలో వెలుతురు మామూలుగా 100 నుంచి 500 లక్స్ మధ్య ఉంటుంది. బయట చెట్టు నీడలో కూడా అది కొన్ని వేల లక్స్. మిట్టమధ్యాహ్నం నేరుటెండలో లక్ష లక్స్ దాకా వెళుతుంది. మన కన్ను ఈ తేడాను సర్దుకుపోతుంది కాబట్టి గది కూడా వెలుతురుగానే అనిపిస్తుంది. రెటీనాకు మాత్రం ఇది వందరెట్ల తేడా.

బలమైన వెలుతురు పడితే రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతుంది. అది కన్ను సాగే వేగానికి కళ్లెం వేస్తుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాలు దీనికి ఆధారం: ప్రకాశవంతమైన కాంతిలో పెంచితే, మయోపియా కలిగించే ఏర్పాట్లు చేసినా వాటి కళ్లు తక్కువగా సాగాయి. డోపమైన్‌ను అడ్డుకునే మందు ఇస్తే ఆ రక్షణ పోయింది. మరో వాదన కూడా ఉంది. బయట అన్నీ దూరంగా ఉంటాయి, చూపు అంచుల దాకా ప్రతిబింబం ఒకే తీరులో పడుతుంది, లాభం దానిదే కావచ్చు అని. రెండూ కలిసి పనిచేస్తూ ఉండవచ్చు. డి విటమిన్ వల్ల అన్న మాటకు మాత్రం బలమైన ఆధారాలు దొరకలేదు.

మనుషుల్లో రుజువులకు వద్దాం. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉన్న చైనా సంతతి ఆరేడేళ్ల పిల్లల్ని పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. సింగపూర్‌లో 29 శాతం మందికి మయోపియా ఉంటే సిడ్నీలో అది 3 శాతమే. సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు బయట గడుపుతుంటే, సింగపూర్ పిల్లలు 3 గంటలే గడుపుతున్నారు. చదవడంలో సిడ్నీ పిల్లలేమీ వెనకబడి లేరు. ఇది పోలిక మాత్రమే, కారణాన్ని నిరూపించదు. ఆ పని చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో చేశారు. కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు ప్రతి బడిరోజూ అదనంగా 40 నిమిషాల బయటి పీరియడ్ పెట్టారు, మిగతా బడుల్లో పెట్టలేదు. మూడేళ్ల తర్వాత మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా మయోపియా వచ్చింది. బయటి పీరియడ్ ఉన్న బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది.

ఈ అంకెను ఎలా చదవాలో చూడండి. వందమంది పిల్లల్లో తొమ్మిది మందికి ఆ మూడేళ్లలో అది తప్పింది. ముప్పై మందికి రోజూ బయటకు వెళ్లినా వచ్చింది. ‘మావాడు బయటే ఆడతాడు, అయినా వచ్చింది’ అన్న తల్లి ఆ ముప్పై మందిలో ఒకరి తల్లి. ఆమె అనుభవం నిజమే, ఎండ పనిచేయదన్న తీర్మానం మాత్రం తప్పు. ఆ తొమ్మిది మందిలో కొందరికి తర్వాతి సంవత్సరాల్లో రావచ్చు కూడా. అయినా తొమ్మిదేళ్లకు రావాల్సింది పదకొండేళ్లకు వస్తే అతి వేగమైన రెండేళ్లు తప్పినట్టే.

మయోపియా వచ్చేశాక ఎండ పరుగును తగ్గిస్తుందా అన్నదే వివాదం. చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ, కొత్తగా రావడాన్ని తగ్గిస్తుంది గానీ వచ్చినవారిలో వేగం తగ్గినట్టు కనిపించలేదంది. మరుసటి ఏడాది తైవాన్ బడుల్లో జరిగిన ప్రయోగంలో మయోపియా ఉన్న పిల్లల్లోనూ కొంత తగ్గుదల కనిపించింది. వేసవిలో పవర్ నెమ్మదిగా, చలికాలంలో వేగంగా పెరుగుతుందన్నది చాలాచోట్ల చూసిన విషయం. అదీ ఎండ వైపే మొగ్గుతుంది. ఇన్ని చూశాక నాకు అనిపించేదేమిటంటే, కళ్లజోడు వచ్చిన పిల్లకు బయటి ఆట మానిపించకూడదు, కానీ అదొక్కటే చాలునని కూర్చోకూడదు.

ఎంతసేపు అంటే రోజుకు రెండు గంటలన్నది సాధారణంగా చెప్పే లక్ష్యం. బడికి నడిచే సమయం, విరామాలు, సాయంత్రం ఆట అన్నీ అందులోకి వస్తాయి. ఒకేసారి రెండు గంటలు అక్కర్లేదు. నేరుటెండలో ఉండాల్సిన పని లేదు, చర్మం కమిలేలా అసలే వద్దు. నీడలో ఉన్నా, టోపీ పెట్టుకున్నా కంటికి అందే వెలుతురు గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువే. వరండాలో లోపలి గోడ పక్కన కూర్చుంటే మాత్రం బయట ఉన్నట్టు కాదు. ఆకాశం ఎంత కనిపిస్తోందన్నదే మంచి కొలత.

దగ్గరి చూపు పని సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆస్ట్రేలియా పిల్లల్లో చూస్తే మొత్తం ఎన్ని గంటలు చదివారన్న దానికంటే, 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా పెట్టుకుని చదవడం, ఆపకుండా అరగంటకు మించి చదవడం అనే రెండు అలవాట్లకే మయోపియాతో ఎక్కువ సంబంధం కనిపించింది. ఫోనైనా పుస్తకమైనా దూరమే ముఖ్యం. ఫోన్‌ను పుస్తకం కంటే దగ్గరగా పట్టుకుంటారు, దానితో వచ్చే పేచీ అదే.

## అట్రోపిన్ చుక్కల చరిత్రలో ఒక మెలిక

అట్రోపిన్ కొత్త మందు కాదు. కనుపాపను పెద్దది చేయడానికి, లోపలి కండరాన్ని సడలించడానికి కంటి డాక్టర్లు ఎన్నో దశాబ్దాలుగా వాడుతున్నారు. దగ్గరి చూపుకోసం కండరం బిగించడం వల్లే మయోపియా వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. అట్రోపిన్ ఆ బిగింపును ఆపుతుంది కాబట్టి పనిచేస్తుందనుకున్నారు. ఆ వివరణను కోడిపిల్లలే కొట్టిపారేశాయి. వాటి కంటి కండరం వేరే రకం, అట్రోపిన్‌కు లొంగదు. అయినా అట్రోపిన్ వాటి మయోపియాను తగ్గించింది. అంటే మందు పనిచేసే చోటు ఆ కండరం కాదు, వెనక రెటీనాలోనో, దాని వెనకున్న పొరల్లోనో ఉండాలి. కచ్చితంగా ఎక్కడన్నది ఇంకా తేలలేదు.

సింగపూర్‌లో 400 మంది పిల్లల మీద చేసిన మొదటి పెద్ద ప్రయోగం ఫలితాలు 2006లో వచ్చాయి. 1 శాతం చుక్కలు వేసిన కళ్లలో రెండేళ్లకు పవర్ 0.28 మాత్రమే పెరిగింది. పోలిక కోసం మందు లేని ఉత్త చుక్కలు వేసిన కళ్లలో 1.20 పెరిగింది. ఇంత ఫలితం వచ్చినా అది వాడుకకు పనికి రాలేదు. కనుపాప బాగా పెద్దదై వెలుతురు భరించలేరు, పుస్తకం మసకబారుతుంది. పైగా ఆపగానే పవర్ ఎగబాకింది.

అందుకే అదే బృందం 0.5, 0.1, 0.01 శాతాలతో రెండో ప్రయోగం చేసింది. రెండేళ్లకు పవర్ వరుసగా 0.30, 0.38, 0.49 పెరిగింది. మోతాదు యాభై రెట్లు తగ్గించినా తేడా ఇంతేనా అని అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత ఏడాది మందు ఆపి చూస్తే 0.5 శాతం వాడినవారిలో పవర్ 0.87 పెరిగింది, 0.01 వాడినవారిలో 0.28 మాత్రమే పెరిగింది. ఐదేళ్ల లెక్కలో 0.01 వాడినవాళ్లే మెరుగ్గా తేలారు. 0.01 శాతానికి ప్రపంచమంతా పేరొచ్చింది ఇక్కడే.

మెలిక ఏమిటంటే, ఈ రెండో ప్రయోగంలో ఉత్త చుక్కల బృందం లేదు. పోలిక మొదటి ప్రయోగంలోని పిల్లలతో చేశారు. పవర్ బదులు కన్ను పొడవు చూస్తే కథ మారుతుంది. 0.01 శాతం వాడిన కళ్లు రెండేళ్లలో 0.41 మిల్లీమీటర్లు సాగాయి. మొదటి ప్రయోగంలో ఉత్త చుక్కలు వేసిన కళ్లు సాగింది 0.38. అంటే పవర్ లెక్కలో మందు పనిచేసింది, పొడవు లెక్కలో పనిచేసినట్టే లేదు. మనం భయపడేది పొడవు గురించే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఈ సందేహం తీర్చడానికే హాంకాంగ్‌లో మరో ప్రయోగం జరిగింది. నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 438 మందిని నాలుగు బృందాలు చేసి, ఒక బృందానికి ఉత్త చుక్కలే వేశారు. ఏడాది తర్వాత ఉత్త చుక్కల బృందంలో పవర్ 0.81 పెరిగి కన్ను 0.41 మిల్లీమీటర్లు సాగింది. 0.01 శాతం బృందంలో ఇవి 0.59, 0.36. 0.025 బృందంలో 0.46, 0.29. 0.05 బృందంలో 0.27, 0.20. మోతాదు పెరిగే కొద్దీ ఫలితం మెట్లుగా పెరిగింది. 0.01 కన్ను సాగడాన్ని ఎనిమిదింట ఒక వంతు తగ్గిస్తే, 0.05 సగం తగ్గించింది.

తర్వాత 2023లో వచ్చిన అమెరికా ప్రయోగంలో 0.01 శాతం రెండేళ్లు వాడినా ఉత్త చుక్కలతో తేడా ఏమీ కనబడలేదు. అంతకు రెండేళ్ల ముందు భారతదేశంలో జరిగిన ప్రయోగంలో మాత్రం 0.01 శాతం వాడినవారిలో ఏడాదికి పవర్ 0.16 పెరిగితే, వాడనివారిలో 0.35 పెరిగింది. పొడవులో స్పష్టమైన తేడా అక్కడా తేలలేదు. ‘పనిచేసింది’, ‘పనిచేయలేదు’ అన్న వార్తలు రెండూ ఇలా పుట్టినవే.

0.01 రాసే డాక్టర్లకూ వాదన ఉంది: దుష్ఫలితాలు దాదాపు లేవు, ఆపినప్పుడు ఎగబాకడం తక్కువ, నెమ్మదిగా పెరిగే పిల్లలకు అంతకంటే ఎక్కువ ఎందుకు అని. 0.05 రాసేవారు పొడవు లెక్కల్ని చూపిస్తారు. నా మొగ్గు రెండోవైపే, ముఖ్యంగా పిల్లకు తొమ్మిదేళ్లలోపు ఉండి పవర్ వేగంగా పెరుగుతుంటే. చిన్న పిల్లలకు అదే ఫలితం రావడానికి పెద్ద మోతాదే కావాల్సి వచ్చిందని హాంకాంగ్ లెక్కలు కూడా చూపించాయి. అదే బృందం ఇంకా మయోపియా రాని నాలుగు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 0.05 వేసి చూస్తే రెండేళ్లలో 28 శాతం మందికి వచ్చింది, ఉత్త చుక్కలు వేసినవారిలో 53 శాతం మందికి వచ్చింది. 0.01 ఇక్కడ కూడా ఉత్త చుక్కల కంటే స్పష్టంగా మెరుగు కాలేకపోయింది.

## ఒక పాప లెక్క వేసి చూద్దాం

ఎనిమిదేళ్ల పాప ఉందనుకుందాం. చుక్కలు వేసి చూస్తే కుడికంటికి మైనస్ 1.50, కన్ను పొడవు 23.80 మిల్లీమీటర్లు. ఏడాది తర్వాత అదే పద్ధతిలో చూస్తే మైనస్ 2.25, పొడవు 24.15. పవర్ 0.75 పెరిగింది, పొడవు 0.35. రెండు కొలతలూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయి కాబట్టి పెరుగుదల నిజమైనదే. మయోపియా లేని పిల్లల్లో కూడా ఈ వయసులో కన్ను ఏడాదికి 0.1 మిల్లీమీటరు పైన కొంచెం పెరుగుతుంది. కాబట్టి 0.35లో అదనం 0.2కు పైమాటే. పొడవు ఎంత ఉందన్నది ఒక్కటే చూసి బెంగపడనక్కర్లేదు. 24 మిల్లీమీటర్ల కన్నుండి అద్దాలు అక్కర్లేని పిల్లలూ ఉంటారు. చూడాల్సింది ఏడాదికి ఎంత మారుతోందని.

ఏమీ చేయకపోతే ఏమవుతుంది? తొమ్మిదేళ్ల తర్వాత ఏటా పెరుగుదల 0.65, 0.55, 0.45, 0.40, 0.30, 0.25 చొప్పున తగ్గుతూ పోతుందని అంచనా వేద్దాం. మొత్తం 2.60. పదిహేనేళ్లకు మైనస్ 4.85 దగ్గర ఉంటుంది.

ఇప్పుడు తొమ్మిదేళ్లకు 0.05 శాతం చుక్కలు మొదలుపెట్టి మూడేళ్లు వాడితే, ప్రతి ఏడాదీ పెరుగుదల సగానికి తగ్గిందనుకుందాం. ఆ మూడేళ్లలో పెరగాల్సింది 1.65, పెరిగేది 0.82. మిగిలేది 0.83 డయాప్టర్లు. పదిహేనేళ్లకు మైనస్ 4 దగ్గర ఆగుతుంది. అదే చుక్కలు ఎనిమిదేళ్లకే మొదలై ఉంటే మొదటి ఏడాదిలోని 0.75లో సగం కూడా కలిసి లాభం 1.20 అయ్యేది. మందు అదే, మోతాదు అదే. ఒక్క ఏడాది ముందు మొదలుపెట్టినందుకు లాభం సగం పెరిగింది.

‘సగానికి తగ్గిస్తుంది’ అన్న మాట విని మైనస్ 5 కావాల్సింది రెండున్నరే అవుతుందనుకోవడం చాలా మామూలు పొరపాటు. తగ్గేది వాడిన సంవత్సరాల్లో జరిగే పెరుగుదలలో సగం, అంతే. అప్పటికే ఉన్న మైనస్ ఎక్కడికీ పోదు. అలాగని 0.83ను తీసిపారేయలేం. పైన చెప్పిన 40 శాతం లెక్క ఒక డయాప్టర్‌కు.

## ఫలితాన్ని తప్పుగా చదివే సందర్భాలు

చుక్కలు మొదలైన మూడు నెలలకే పరీక్ష చేయించి ‘పవర్ అసలు పెరగలేదు’ అని సంబరపడేవారు ఉంటారు. అట్రోపిన్ కండరాన్ని కొంత సడలిస్తుంది కాబట్టి, మొదటిసారి కండరం సడలించే చుక్కలు వేయకుండా చూసి ఉంటే ఇప్పుడు మైనస్ తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. అది మందు లాభం కాదు, కొలతలోని తేడా. అద్దాల పవర్ కొలతలో పావు డయాప్టర్ అటూఇటూ కావడం మామూలే. కన్ను పొడవును కాంతితో కొలిచే యంత్రాలు మిల్లీమీటరులో నూరింట రెండు నుంచి నాలుగు వంతుల తేడాతోనే చెబుతాయి కాబట్టి ఆరునెలల మార్పును పవర్ కంటే అవి బాగా పట్టుకుంటాయి. ఆరునెలలకు ఒకసారి, అదే యంత్రం మీద కొలిపిస్తే చాలు. మూడు నెలల తేడాల్లో నిజమెంతో పొరపాటెంతో విడదీయడం కష్టం.

పై పాపకు మందు మొదలయ్యాక ఆరునెలల్లో పొడవు 0.10 పెరిగితే ఏడాదికి 0.20 అవుతుంది. ముందు 0.35 ఉంది కాబట్టి మందు పనిచేస్తున్నట్టే. ఆరునెలల్లో 0.18 పెరిగితే పాత వేగమే నడుస్తోందన్నమాట. అప్పుడు మోతాదు పెంచడానికి ముందు చుక్కలు నిజంగా పడుతున్నాయా అని చూడాలి.

చుక్క రాత్రి పడుకునే ముందు, ఒక్కో కంట్లో ఒక్కటి. పిల్ల గట్టిగా కళ్లు మూసుకుంటే మందు చెంప మీదే పోతుంది. కింది రెప్పను కాస్త లాగి ఆ సందులో వేయాలి. తర్వాత ముక్కువైపు కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే మందు ముక్కులోకి, గొంతులోకి దిగడం తగ్గుతుంది. 0.05 శాతంతో కనుపాప సుమారు ఒక మిల్లీమీటరు పెద్దదవుతుంది, దగ్గరి చూపు శక్తి కొంత తగ్గుతుంది. చాలామంది పిల్లలు దీన్ని పట్టించుకోరు. ఎండలో కళ్లు చికిలిస్తుంటే ఎండకు రంగు మారే అద్దాలు సరిపోతాయి. పుస్తకం మసకగా ఉందంటే డాక్టరుకు చెప్పాలి. కళ్లు ఎర్రబడి దురద పెడితే అలర్జీ కావచ్చు, ఆపి చూపించాలి.

ఒక హెచ్చరిక. 1 శాతం సీసా తెచ్చి, కన్నీటి చుక్కల్లో కలిపి ఇంట్లోనే పలచన చేసుకునేవారున్నారు. 0.05 కావాలంటే ఇరవై వంతులకు ఒక వంతు, 0.01 కావాలంటే వందకు ఒకటి. లెక్క తేలికే గానీ ఇంట్లో శుభ్రత ఉండదు, కొలత కుదరదు. ఆమ్లత మారితే మందు సీసాలోనే విచ్ఛిన్నమవుతుంది కూడా. అంతకంటే పెద్ద ప్రమాదం, 1 శాతం సీసా ఇంట్లో ఉండటమే. అందులో ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఉంటుంది. చిన్నపిల్లలు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లు ఎర్రబడటం, నోరు ఎండిపోవడం, జ్వరం, గుండె దడ, పొంతన లేని మాటలు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చుక్కలు వాడుతున్నా అద్దాలు పూర్తి పవర్‌తోనే పెట్టాలి. కావాలని తక్కువ పవర్ ఇస్తే కన్నుకు విశ్రాంతి దొరుకుతుందన్న పాత నమ్మకాన్ని మలేషియాలో పరీక్షించి చూశారు. తక్కువ పవర్ పెట్టుకున్న పిల్లల్లోనే పెరుగుదల ఎక్కువైంది. చుక్కలు వద్దనుకునేవారికి మయోపియా అదుపుకోసం చేసిన ప్రత్యేక కళ్లద్దాలు, పగటి కాంటాక్ట్ లెన్సులు, రాత్రిపూట పెట్టుకునే గట్టి లెన్సులు ఉన్నాయి. మంచి ప్రయోగాల్లో వీటి ఫలితం 0.05 శాతం చుక్కలకు ఇంచుమించు సాటిగానే ఉంది. రాత్రి లెన్సులతో ఇన్ఫెక్షన్ ప్రమాదాన్ని మాత్రం కాచుకోవాలి.

## చుక్కలు ఎప్పుడు, ఎలా ఆపాలి

ఆపగానే పవర్ ఎగబాకడం మోతాదుతో పాటు వయసు మీద కూడా ఆధారపడుతుంది. హాంకాంగ్ ప్రయోగంలో రెండేళ్ల తర్వాత కొందరికి మందు ఆపి చూస్తే, చిన్న పిల్లల్లోనే ఎక్కువగా ఎగబాకింది. ‘రెండేళ్ల కోర్సు అయిపోయింది’ అని తొమ్మిదేళ్ల పిల్లకు ఆపేయడం, అతి వేగమైన వయసులో కళ్లెం వదిలేయడమే. పై పాప విషయంలో కూడా మూడేళ్లు వేసి పన్నెండేళ్లకు ఆపితే దక్కిన 0.83లో కొంత తిరిగి పోవచ్చు. నేను వేసిన లెక్కలో దాన్ని తీసెయ్యలేదు.

అందుకే చాలామంది డాక్టర్లు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక, వరుసగా రెండు మూడు పరీక్షల్లో పొడవు దాదాపు మారకపోతేనే ఆపడం గురించి ఆలోచిస్తారు. ఒక్కసారిగా కాకుండా 0.05 నుంచి 0.025కు, తర్వాత 0.01కు దించడమో, రోజూ వేసేది రోజు విడిచి రోజుకు మార్చడమో చేస్తారు. పూర్తిగా ఆపిన ఆరునెలలకు, ఏడాదికి మళ్లీ పొడవు కొలుస్తారు. సింగపూర్ ప్రయోగంలో ఆపిన ఏడాదిలో అర డయాప్టర్‌కు మించి పెరిగిన పిల్లలకు చుక్కలు మళ్లీ మొదలుపెట్టారు. ఆ అర డయాప్టర్‌ను ఇప్పటికీ చాలామంది గీతగా పెట్టుకుంటారు.